రిటర్న్ రేటు 120 శాతం చూపిస్తున్న రిపోర్టుపై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

విషయం: నెలవారీ రిటర్న్ రిపోర్టులో తప్పు హారం

నమస్కారం.

మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నెలవారీ రిపోర్టులో చెప్పుల కేటగిరీకి రిటర్న్ రేటు 120 శాతం అని వచ్చింది. అమ్మినవాటికంటే ఎక్కువ ఎలా తిరిగొస్తాయి? పాత నెలల రిటర్న్‌లు కలిశాయేమోనని ముందు అదే చూశాం. కలవలేదు. ఆ నెలలో అమ్మిన ఐటెంలలో తిరిగొచ్చినవే లెక్కలో ఉన్నాయి.

అసలు డేటా దించుకుని చూస్తే విషయం తెలిసింది. ఆ కేటగిరీలో 80 ఆర్డర్లు, వాటిలో మొత్తం 240 ఐటెంలు, తిరిగొచ్చినవి 96. ఒక్కో ఐటెంకి ఒక వరుస ఉన్న టేబుల్ మీద మీ రిపోర్టు వేస్తున్న లెక్క ఇది:

```sql
SUM(is_returned) * 100.0 / COUNT(DISTINCT order_id)
```

పైన లవంలో ఐటెంలు, కింద హారంలో ఆర్డర్లు. 96ని 80తో భాగిస్తే 120 వస్తుంది. 240తో భాగించాలి, అప్పుడు వచ్చేది 40 శాతం. ఒక్కో ఆర్డర్‌లో సగటున 3 ఐటెంలున్నాయి కాబట్టి రేటు సరిగ్గా 3 రెట్లు పెరిగింది.

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది ఈ 120 కాదు, దాని కింద నమ్మదగ్గట్టు కనిపించిన మిగతా అంకెలు. బ్యాగుల కేటగిరీలో 100 ఆర్డర్లు, 110 ఐటెంలు, 44 రిటర్న్‌లు. రిపోర్టు 44 శాతం అంటోంది, నిజానికి అది 40. అంటే చెప్పులూ బ్యాగులూ ఒకే స్థాయిలో తిరిగొస్తున్నాయి. మీ రిపోర్టు మాత్రం చెప్పుల పరిస్థితి దాదాపు మూడు రెట్లు అధ్వానమని చూపించింది. దాన్ని నమ్మి మా కొనుగోలు విభాగం చెప్పుల సరుకు తగ్గించేసింది. ఆర్డర్‌లో ఎన్ని ఐటెంలుంటే రేటు అంత ఉబ్బుతుంది కాబట్టి కేటగిరీలను పోల్చడానికి ఈ రిపోర్టు అసలు పనికిరాదు.

దీనిమీద మీ సపోర్ట్ టీం ఇచ్చిన పరిష్కారం, 100 దాటితే 100 అనే చూపించేలా LEAST పెట్టడం. దయచేసి ఆ పని చేయకండి. తప్పు అలాగే ఉంటుంది, దాన్ని పట్టించే ఒకే ఒక్క గుర్తు మాయమవుతుంది.

హారాన్ని COUNT(*) గా మార్చండి. ఆర్డర్ స్థాయిలోనే రేటు చూపించాలనుకుంటే, కనీసం ఒక ఐటెం తిరిగొచ్చిన ఆర్డర్లను లవంలో లెక్కించండి. అది వేరే ప్రశ్నకు జవాబు కాబట్టి వేరే పేరుతో ఇవ్వండి. లవంలో లెక్కించిన ప్రతిదీ హారంలోనూ ఉండి తీరాలన్న తనిఖీ కూడా పెట్టండి. 100 దాటితే రిపోర్టు ఆగిపోవాలి.

ఈ లెక్క ఎప్పటినుంచి ఇలా నడుస్తోందో రాతపూర్వకంగా తెలియజేసి, ఆ నెలలన్నిటి రిపోర్టులూ సరిచేసి మళ్లీ పంపండి. అవి వచ్చేదాకా మీ రిటర్న్ రేట్లను మా కొనుగోలు నిర్ణయాలకు వాడటం ఆపేశాం.

ఇట్లు,
రిపోర్టుల విభాగం బాధ్యులు