కోనసముద్రం దిబ్బలకు కంచె వేయండి

సంపాదకులకు,

డమాస్కస్ కత్తి పేరు అందరికీ తెలుసు. దానికి కావాల్సిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చేవారు. అక్కడి కమ్మరులు మట్టి మూసలో ఇనుము, కర్బనం ఇచ్చే పదార్థాలు వేసి, మూత మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవారు. కర్బనం పట్టిన ఇనుము పూర్తిగా కరిగి, అందులోని మలినం చిట్టెంగా పైకి తేలేది. తర్వాత మూసను మెల్లగా చల్లార్చాలి.

దాదాపు 1.5 శాతం కర్బనమున్న ఆ ముద్దను ఎర్రటి వేడిలోనే సాగగొట్టాలి. తెల్లగా కాలిందా, సుత్తి దెబ్బకి ముక్కలైపోతుంది! ఓపిగ్గా కొడితే ఇనుము, కర్బనం కలిసి ఏర్పడ్డ గట్టి కార్బైడ్ రేణువులు వరుసలు కడతాయి. ఆమ్లం పూస్తే అవే నీటి అలల్లా కనిపిస్తాయి. పదును నిలిచేదీ వాటివల్లే.

కోనసముద్రంలో మిగిలిన మూస పెంకులు, చిట్టెం దిబ్బలు చదును కాకముందే పురావస్తు శాఖ కంచె వేయించాలి.

– ఒక పాఠకుడు, నిజామాబాద్