నడుమ చదునైన వెనక టైరు: ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆగొచ్చు

"అన్నా, పక్కలన్నీ కొత్తగానే ఉన్నాయి కదా, అప్పుడే టైరు మార్చమంటావేంటి?" అని మన షాపుకు బైకు తెచ్చేవాళ్లు అడుగుతుంటారు.

హైవే మీద రోజూ వెళ్లొచ్చే బండికి పక్కలు ఎప్పుడూ కొత్తగానే ఉంటాయి, అవి రోడ్డుకు ఆనవు మరి. విజయవాడ నుంచి గుంటూరుకు పోయే దారిలో బండి దాదాపు నిటారుగానే నడుస్తుంది. అప్పుడు రోడ్డుకు తగిలేది నడిమధ్య సన్నటి పట్టీ ఒక్కటే. ఇంజన్ లాగుడంతా వెనక చక్రం మీదే కాబట్టి మొదట అరిగేది కూడా అక్కడే. నెలల తరబడి అదే చోట అరిగితే, గుండ్రంగా ఉండాల్సిన టైరు నడుమ చదునైపోతుంది. ఆ చదును ఆగిన చోట రెండువైపులా ఒక అంచు తేలుతుంది.

అసలు గొడవంతా ఆ అంచుతోనే. నేరుగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. మలుపులో బండిని వంచబోతే ముందు మొండికేస్తుంది. ఇంకాస్త వంచితే అంచు దాటి ఒక్కసారిగా పక్కకు పడినట్టు వాలుతుంది. ఆ దాటే క్షణంలో మీ బరువూ, బండి బరువూ సన్నటి గీత లాంటి చోటే మోస్తుంది. అంచు దాటాక పక్కన మంచి రబ్బరే ఉంది, కాబట్టి పట్టు మళ్లీ దొరకొచ్చు. కానీ సరిగ్గా ఆ మధ్యలో మీరు బ్రేకు నొక్కినా, యాక్సిలరేటర్ తిప్పినా, కింద ఇసుకో తడిసిన తెల్లగీతో ఉన్నా వెనక చక్రం జారొచ్చు. వానలో ఇంకా కష్టం. నడుమ గాడుల లోతు తగ్గిపోయి నీళ్లు పక్కకు పోవు.

మొన్న ఒక తమ్ముడు రింగు బెండయిందేమో చూడమని బండి తెచ్చాడు. సర్వీస్ రోడ్డులోకి తిరిగేటప్పుడు వెనక ఊగుతోందని, లేన్ గీతలు దాటినప్పుడు బండి తనంతట తానే పక్కకు లాగుతోందని చెప్పాడు. రింగు బాగానే ఉంది, బేరింగులూ బాగానే ఉన్నాయి. వెనక 100/90-17 టైరు మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూపించాను. గుండ్రటి టైరు మీద స్కేలు ఒక్కచోటే ఆని, అటూ ఇటూ ఊగాలి. ఇతని టైరు మీద దాదాపు 4 సెంటీమీటర్ల మేర కదలకుండా కూర్చుంది. గాడి లోతు నడుమ 2 మిల్లీమీటర్లు, పక్కన 5. గాలి చూస్తే 40 ఉంది. చైన్ కవర్ మీద స్టిక్కర్‌లో ఉన్నదేమో ఒక్కరికి 28, ఇద్దరికి 32. మైలేజీ కోసం బంకులో ఎక్కువ కొట్టించుకుంటాడట. గాలి ఎక్కువైతే టైరు నడుమ ఉబ్బి, రోడ్డుకు ఆనే పట్టీ ఇంకా సన్నబడుతుంది, అరుగుడు అక్కడే తొందరగా సాగుతుంది.

రెండు మిల్లీమీటర్లు ఉంది కదా, రూలు ప్రకారం ఇంకా నడపొచ్చు కదా అని అడిగాడు. నిజమే. గాడిలో TWI అని ఉండే చిన్న గట్టు బైకు టైర్లకు 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అందాకా ఇంకా అరుగుదల ఉంది. కానీ ఆ గట్టు లోతు సంగతే చెబుతుంది, ఆకారం సంగతి చెప్పదు. అతను ఆ వారమే భార్యను ఎక్కించుకుని దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాడు. ఘాట్‌లో మలుపు మలుపుకూ ఆ అంచు మీదుగా అటూ ఇటూ దాటాలి, వెనక ఇంకో మనిషి బరువు. మార్చమనే చెప్పాను.

టైరు అమ్ముకోవడానికి భయపెడుతున్నానని కొందరు అనుకోవచ్చు. అందుకే ఇదీ చెబుతున్నా: చదును ఇప్పుడిప్పుడే మొదలై, అరచెయ్యి నడుమ నుంచి పక్కకు జరిపితే అంచు వేలికి తగలకపోతే, మీరు పోయేది నేరుగా ఉండే హైవేయే అయితే ఇప్పుడే మార్చక్కర్లేదు. గాలి స్టిక్కర్ ప్రకారం సరిచేసుకుని నడపండి. అంచు చేతికి తగులుతుంటే, వంచేటప్పుడు బండి మొండికేసి ఒక్కసారిగా వాలుతుంటే మాత్రం లోతు ఎంతున్నా నాదొకటే మాట, మార్చండి. ఆకారం తిరిగి రాదు. అంచును గీకించి గుండ్రం చేయమని అడిగేవాళ్లున్నారు, ఆ పని మన షాపులో చేయం. పక్కలు నిగనిగలాడుతున్నాయని సెకండ్ హ్యాండ్ టైరు తెస్తే అదీ ఎక్కించం.

గాలి చూపించుకోవాలంటే పొద్దున్నే, హైవే ఎక్కకముందే రండి. పరుగెత్తి వేడెక్కిన టైరులో రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. స్కేలు పెట్టి చూడటానికీ, గేజ్‌తో కొలవడానికీ డబ్బులు తీసుకోం. కొత్త టైరు వేయించుకున్నవాళ్లు మొదటి 150 కిలోమీటర్లూ మలుపుల్లో మెల్లగా, కొంచెం కొంచెంగా వంచుతూ నడపండి. పైన నునుపు పోయేదాకా అది కూడా జారుతుంది.