నూనె డబ్బా లెక్క: ఖర్చు పెరిగింది, గడువు తగ్గింది

"కొత్త కస్టమర్ ఒక్కరిని తేవడానికి పోయినేడాది 600 రూపాయలయ్యేది, ఇప్పుడు 900 అంటున్నారు. మరి వ్యాపారం మెరుగుపడిందని ఎలా చెబుతున్నారు?"

మా గానుగ వేరుశనగ నూనె వాడుతూ, ఇందులో కొంత పెట్టుబడి కూడా పెట్టిన ఒకరు అడిగారిలా. మీలో చాలామంది ఆ రెండు కోవల్లోనూ ఉన్నారు కాబట్టి జవాబు అందరికీ రాస్తున్నాను.

చూడాల్సింది ఆ ఖర్చు ఎన్ని నెలల్లో తిరిగొస్తుందన్నదే. ముందు పాత లెక్క. పోయినేడాది జనవరిలో ప్రకటనల ద్వారా వచ్చిన ప్రతి వందమందికి మాకు 60,000 అయింది. వాళ్లంతా కొన్నది 400 రూపాయల లీటరు సీసా. గింజలు, ఆడింపు, సీసా, కొరియర్ అన్నీ పోను సీసాకు 70 మిగిలేది. మొదటి నెల వంద సీసాలు, రెండో నెల 60, ఆ తర్వాత నెలకు సగటున 55. మొదటి సీసా మీద ఇచ్చిన తగ్గింపు కోసం వచ్చినవాళ్లు చాలామంది ఆ సీసాతోనే వెళ్లిపోయారన్నమాట. అలా వచ్చింది వచ్చినట్టు కూడుకుంటూ పోతే 60,000 పూడేసరికి పదిహేనో నెల వచ్చింది.

ఈ జనవరి నుంచి ఆ తగ్గింపు తీసేసి, ప్రకటనల్లో అయిదు లీటర్ల డబ్బానే చూపిస్తున్నాం. ధర 1,850. లీటరుకు 30 తగ్గింది. అయిదు సీసాలు అయిదుసార్లు పంపే బదులు ఒక్కసారే పంపడంతో కొరియర్‌లో మిగిలినదంతా మీకే ఇచ్చేశాం. మాకు మిగిలేది మునుపటిలాగే లీటరుకు 70, డబ్బాకు 350. అయితే పేరు తెలియని కొట్టుకు ఒకేసారి 1,850 కట్టమంటే ఎవరైనా ఆలోచిస్తారు. ప్రకటన చూసి లోపలికి వచ్చేవాళ్లలో కొనేవాళ్లు తగ్గారు. పెరిగిన 300లో దాదాపు 200 దీనివల్లే. మిగతా వంద ప్రకటనల రేటు పెరగడం వల్ల. ఫోనులో ప్రకటన చోటు వేలంపాటలో అమ్ముడవుతుంది; పాడేవాళ్లు పెరిగితే ధర పెరుగుతుంది, దాని మీద మన పెత్తనం ఏమీ లేదు.

ఇక ఈ జనవరిలో వచ్చినవాళ్ల బ్యాచ్. వందమందికి 90,000 ఖర్చు. నలుగురున్న ఇంట్లో డబ్బా సుమారు రెండు నెలలు వస్తుంది. మొదటి డబ్బాల మీద 35,000 మిగిలింది. మూడో నెలలో 70 మంది మళ్లీ కొన్నారు, అయిదో నెలలో 62, ఏడో నెలలో 58. మొత్తం 1,01,500. ఏడో నెలలోనే ఖర్చు తిరిగొచ్చేసింది. 900ను నెలసరి మిగులుతో ఒక్కసారి భాగిస్తే ఇంకా అందమైన అంకె వస్తుంది. కానీ అందులో మధ్యలో మానేసినవాళ్లు కనబడరు. అందుకే ఈ కూడిక పద్ధతి. మీరు చెబితే వచ్చిన బంధుమిత్రులను కూడా ఇందులో కలపలేదు. వాళ్లకు మేం పైసా ఖర్చుపెట్టలేదు. వాళ్లను కలిపితే 900 చాలా తగ్గి కనబడుతుంది, ప్రకటన పనిచేస్తోందో లేదో మాత్రం తెలియదు.

బలహీనతలు రెండున్నాయి. ఇద్దరే ఉన్న ఇళ్లలో డబ్బా నాలుగైదు నెలలు సాగుతుంది. శుద్ధి చేయని నూనె, మూత తీశాక అన్నాళ్లుంటే ముక్కవాసన పడుతుంది. ఆ ఇల్లు మళ్లీ మన గడప తొక్కదు. అందుకే యాభయ్యో రోజున ఫోన్ చేసి "డబ్బాలో ఎంతుంది?" అని అడుగుతున్నాం. సగానికి పైగా ఉందంటే వచ్చేసారికి రెండు లీటర్లదే పంపుతామని చెబుతున్నాం. దాని మీద మిగులు తక్కువే, అయినా మనిషి నిలుస్తారు.

రెండోది వేరుశనగ ధర. లీటరు నూనెకు దాదాపు 2.3 కిలోల గింజలు కావాలి. కిలోకు పది రూపాయలు పెరిగితే లీటరు మీద 23 పోతుంది, 70 కాస్తా 47 అవుతుంది. ఇదే జనవరి బ్యాచ్‌ను 47తో లెక్కవేస్తే ఖర్చు తిరిగొచ్చేది పదకొండో నెలలో. గింజలు ఆడాక మిగిలే చెక్క అమ్మితే వచ్చేది ఇప్పటికే లెక్కలో కలిసే ఉంది కాబట్టి అక్కడ కొత్తగా ఊరట లేదు.

పైగా ఈ ఏడు నెలల మాట ఒక్క బ్యాచ్‌ది. మార్చిలో వచ్చినవాళ్లు ఇంకా మూడో డబ్బా దగ్గరే ఉన్నారు, జూన్‌వాళ్లు ఈ నెలలోనే రెండో డబ్బాకు వస్తున్నారు. వాళ్లలో వందకు 60 మందికన్నా తక్కువ తిరిగి కొంటే ప్రకటనల ఖర్చు సగానికి కోస్తాం. దసరా, దీపావళి మధ్య ప్రకటనల రేట్లు మరీ పైకెళ్తాయి. ఆ వారాల్లో ఎలాగూ ఆపేస్తున్నాం, ఆ డబ్బు కొత్త పంట గింజల కొనుగోలుకు వెళ్తుంది. జూన్ బ్యాచ్ అంకెలు సెప్టెంబరు మొదటి వారంలో పంపుతాను.