పిల్లల బాధను కొట్టిపారేయడం క్రమశిక్షణ కాదు

సంపాదకుడు గారికి,

ఇంటర్మీడియట్ విద్యార్థుల మానసిక స్థితిపై గత వారం మీరు ప్రచురించిన వ్యాసంలో, ఈ తరం పిల్లలు చిన్న మాటకే కుంగిపోతున్నారని, పూర్వం ఇంత సుకుమారం ఎరుగమని రాసిన వాక్యాలు నన్ను తీవ్రంగా బాధించాయి. ఆ తరంలో బాధ లేక కాదు, చెప్పుకుంటే వినే దిక్కు లేక పిల్లలు నోరు మూసుకున్నారు.

మోకాలు గీరుకుపోయి ఏడుస్తున్న నాలుగేళ్ల వాడితో "ఏం తగల్లేదు, లే" అంటాం. మంట వాడికి తెలుస్తూనే ఉంది, రక్తమూ కనబడుతోంది. అయినా అమ్మ మాటను శంకించే వయసు కాదు కనుక తన ఒంటినే శంకిస్తాడు. ఒకసారి అన్నంత మాత్రాన ఏ హానీ జరగదు. కానీ ఏళ్ల తరబడి భయపడితే "పిరికివాడా" అని, ఏడిస్తే "మగపిల్లాడివి కాదూ" అని, కోపగిస్తే "పెద్దలకే ఎదురా" అని వింటూ పెరిగినవాడికి తన లోపల కలిగేదానికి పేరు పెట్టడమే చేతకాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లైనహాన్ 1993 నాటి తన గ్రంథంలో దీన్ని విపులంగా చర్చించారు. పుట్టుకతోనే సున్నితమైన పిల్లలకు ఇలాంటి వాతావరణం తోడైతే, వారు తమ అనుభవాన్ని నమ్మడం మాని, ఏ సందర్భంలో ఎలా స్పందించాలో ఎదుటివారి ముఖాలు చూసి తెలుసుకుంటారని ఆమె వివరించారు. మెల్లగా చెబితే ఎవరూ పట్టించుకోక, గోల చేసినప్పుడే పలికే ఇంట్లో, బిడ్డ అణచుకోవడమూ బద్దలవడమూ తప్ప మధ్యస్థంగా చెప్పడం నేర్చుకోడని కూడా ఆమె గుర్తించారు.

నాతో పనిచేసిన ఒక అధ్యాపకురాలిని పైఅధికారి అందరి ముందు అవమానించారు. ఆమె సాయంత్రం దాకా ఒక్కొక్కరి దగ్గరకూ వచ్చి, "నాకు కోపం రావడం సబబేనంటారా?" అని అడుగుతూనే ఉంది. మేమంతా సబబేనన్నా ఆమెకు నమ్మకం కుదరలేదు. నెలల తర్వాత ఏదో అల్పవిషయానికి భోరున ఏడిస్తే, ఆమెది అతి స్వభావమని అందరూ తేల్చేశారు.

ఇక అధికారుల విషయం. రెసిడెన్షియల్ కళాశాలలో "ఉండలేకపోతున్నాను" అన్న పిల్లకు "అందరూ ఉండడం లేదా?" అని వార్డెన్ జవాబిస్తారు, ఇంటికి ఫోన్ చేస్తే తండ్రి కూడా అదే అంటాడు. ఫలితాల రోజున మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ప్రకటించి బాధ్యత తీరిందనుకుంటారు. ఆ సేవ అవసరమైనదే. అయితే తన బాధ నిజమో కాదో తనకే తెలియని పిల్ల, ఇంత చిన్నదానికి ఫోన్ చేయవచ్చా అని ఆగిపోతుంది.

బాధను ఒప్పుకోవడమంటే కోరింది ఇచ్చేయడం కాదు. "ఇంటిమీద బెంగగా ఉంది కదూ, పరీక్షలయ్యాక వెళ్దువుగాని" అనవచ్చు. చదువు ఆగదు, బిడ్డ అబద్ధమాడినట్టూ కాదు. ఇంటర్ బోర్డులు కళాశాలలకు అనుమతి ఇచ్చేటప్పుడు గదులు, మైదానాలు ఎలా పరిశీలిస్తాయో, వార్డెన్లకు ఈ మాటతీరులో శిక్షణ ఇచ్చారో లేదో కూడా అలాగే పరిశీలించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు,
గుంటూరు