ఆస్పత్రి చాట్‌బాట్ ఏం చెప్పకూడదో ముందు తేల్చాలి

సంపాదకుడు గారికి,

రోగుల సందేహాలకు జవాబిచ్చే చాట్‌బాట్ ఏర్పాటు చేయాలంటూ మా ఆస్పత్రి యాజమాన్యానికి ఐటీ విభాగాధిపతిగా నేను ఇటీవల ఒక ప్రతిపాదన సమర్పించాను. అందులో ఎక్కువ పేజీలు ప్రమాదాలకూ జాగ్రత్తలకూ కేటాయించాను. ఇటువంటి సాధనాన్ని రేపు వాడవలసింది రోగులూ వారి కుటుంబాలే కనుక, ఆ భాగంలోని ముఖ్య విషయం మీ పాఠకులకు కూడా తెలియడం న్యాయమని భావిస్తున్నాను.

ఓపీ వేళలు, రిపోర్టులు ఇచ్చే కౌంటర్ వంటి ప్రశ్నలతో పెద్ద చిక్కు లేదు. అంతే మామూలుగా కనిపిస్తూ లోపల వైద్య నిర్ణయాన్ని దాచుకున్న ప్రశ్నలతోనే చిక్కంతా. ఉదాహరణకు, మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్ ఉన్న వ్యక్తి, తెల్లవారుజామున పాలు కలిపిన టీ తాగవచ్చా అని అడిగారనుకుందాం. మత్తులో ఉన్నప్పుడు కడుపులోని పదార్థం పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, మత్తు వైద్యులు సాధారణంగా నీళ్లవంటి తేట ద్రవాలను 2 గంటల ముందు వరకు, తేలికపాటి ఆహారాన్ని 6 గంటల ముందు వరకు అనుమతిస్తారు. నూనె, మాంసం ఉన్న భోజనానికి 8 గంటలు, అంతకన్నా ఎక్కువ వ్యవధి కావాలంటారు. పాలు ద్రవమే అయినా ఈ లెక్కలో ఆహారం కిందికే వస్తాయి. చాట్‌బాట్ వెనుక ఉండి వాక్యాలు అల్లే సాఫ్ట్‌వేర్ అయిన భాషా నమూనా మాత్రం ‘ద్రవాలు 2 గంటల ముందు వరకు’ అన్న వాక్యాన్ని పట్టుకుని, అయిదున్నరకు టీ తాగవచ్చని ఎంతో మర్యాదగా, ఎక్కడా తడబాటు లేకుండా చెప్పగలదు. ఆ జవాబును అనుమానించడానికి రోగికి ఏ ఆధారమూ ఉండదు. ఆపరేషన్ గదిలో ఎవరైనా అడిగి తెలుసుకుంటే ఆపరేషన్ వాయిదా పడుతుంది; తెలుసుకోకపోతే ప్రాణాపాయమే.

అందుకే, వైద్యానికి సంబంధించిన ఏ జవాబునూ చాట్‌బాట్ సొంతంగా రాయకూడదన్నది నా ప్రతిపాదనలో మొదటి నియమం. అడిగిన ప్రశ్న ఏ అంశానికి చెందినదో గుర్తించడం వరకే దాని పని. ఆ అంశంపై సంబంధిత విభాగపు వైద్యులు ఆమోదించిన పాఠాన్ని అక్షరం మార్చకుండా చూపాలి. ప్రతి పాఠానికీ బాధ్యుడైన వైద్యుడు, పునఃసమీక్ష తేదీ ఉండాలి. ఆ తేదీ దాటిన పాఠం దానంతటదే తొలగిపోవాలి. ఏళ్ల కిందటి సూచనల పత్రం సర్వర్‌లో మిగిలిపోయి కొత్తదానితో పాటు జవాబుల్లోకి రావడం ఇటువంటి వ్యవస్థల్లో తరచూ జరిగే పొరపాటు. ఇక ఉపవాసం ఉన్న రోజున ఇన్సులిన్ ఎంత వేసుకోవాలన్నటువంటి మందుల మోతాదు ప్రశ్నలకు ఏ పాఠమూ చూపకుండా నేరుగా నర్సుకు అప్పగించాలి.

ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, ఆత్మహత్య ఆలోచన వంటి సందేశాలను భాషా నమూనాకు చేరకముందే వేరుగా పట్టుకుని, అత్యవసర విభాగం నంబరుతో స్థిరమైన సందేశం ఇవ్వాలి. తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాల్లో, తోచిన వర్ణక్రమంతో టైపు చేసేవారు ఎందరో ఉన్నారు కనుక ఈ వడపోతను ఆ రాతలతోనే పరీక్షించాలి. పరీక్ష ఫలితాల్లో సగటును నమ్మకూడదు. నూటికి తొంభై అయిదు జవాబులు సరైనవే అయినా, తప్పిన అయిదూ ఇన్సులిన్ గురించే అయితే ఆ వ్యవస్థ పనికిరాదు. హాని చేయగల తప్పులను విడిగా లెక్కించాలి.

రోగి రికార్డులను తొలి దశలో దీనితో అనుసంధానించవద్దని కూడా కోరాను. ఒక్క ఫోన్‌నే ఇంటిల్లిపాదీ వాడే కుటుంబాల్లో, ఆ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ, ప్రశ్న అడుగుతున్నది ఎవరో నిరూపించదు. గర్భధారణ పరీక్ష ఫలితం తెలియకూడని వారి కంటపడితే ఆ నష్టాన్ని వెనక్కి తీసుకోలేం.

తప్పు జరిగితే సాఫ్ట్‌వేర్ సంస్థదే బాధ్యత కదా అన్న ప్రశ్న ఇటువంటి చర్చల్లో తప్పక వస్తుంది. చాట్‌బాట్ తప్పుడు సమాచారం ఇచ్చిన కేసులో, దాని మాటలకు తాము బాధ్యులం కామన్న ఎయిర్ కెనడా విమాన సంస్థ వాదనను కెనడాలోని ఒక ట్రిబ్యునల్ 2024లో తోసిపుచ్చింది. అక్కడ పోయింది టికెట్ డబ్బు. ఆస్పత్రి తన పేరుతో చెప్పిన ప్రతి మాటకూ ఆస్పత్రే బాధ్యత వహించాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఈ జాగ్రత్తలన్నీ పాటిస్తే చాట్‌బాట్ చాలా ప్రశ్నలకు ‘దీనికి నర్సు సమాధానం చెబుతారు’ అనే అంటుంది. అంటే రాత్రివేళ కూడా ఆ నర్సు ఉండాలి. సిబ్బంది ఖర్చు ఆశించినంత తగ్గదు. యాజమాన్యానికి ఈ మాట దాచకుండా రాశాను. చాట్‌బాట్ పెట్టే ప్రతి ఆస్పత్రీ అది ఏ ప్రశ్నలకు జవాబివ్వదో మొదటి తెరపైనే ప్రకటించాలనీ, ప్రతి జవాబు కింద ఆమోదించిన విభాగం పేరు, సమీక్ష తేదీ, మనిషితో మాట్లాడే నంబరు చూపాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆస్పత్రి ఐటీ విభాగాధిపతి