మందు కొన్న ప్రతి ఒక్కరికీ బ్యాచ్ నంబరు అందాలి

సంపాదకుడికి,

మందుల షాపులో పది మాత్రల షీట్‌లో నాలుగు చాలంటే కత్తెరతో కోసి ఇస్తారు. చాలా షీట్ల మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ ఒక అంచునే ఉంటాయి, ఆ అంచు షాపులోనే ఉండిపోతుంది. మనకొచ్చిన ముక్క మీద ఒక్కోసారి మందు పేరు కూడా పూర్తిగా ఉండదు. ఇక అది అసలుదో నకిలీదో దేన్ని పట్టుకుని చూసుకోవాలి? ఇక్కడ నష్టపోయేది నాలుగు మాత్రలకే డబ్బులున్న పేదవాళ్లే.

షాపులవాళ్లు ఆ అంచు లేని వైపు నుంచి కోస్తూ రావాలి. చివరగా కొన్నవాళ్లకు ఆ అంచు ఎలాగూ వెళ్తుంది, మిగతావాళ్లకు బిల్లు మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ వేసి ఇవ్వాలి.

ఎక్స్‌పైరీ చదవడంలోనూ తికమక ఉంది. 'మార్చి 26' అని ఉంటే అది మార్చి 26వ తేదీ కాదు, 2026 మార్చి నెల. నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చు, అంటే 2026 మార్చి 31 వరకు. ఈ అంకెలు చెరిపి మళ్లీ అచ్చేసినట్టున్నా, డబ్బా మీద ఒక బ్యాచ్, లోపలి షీట్ మీద ఇంకొకటి ఉన్నా ఆ మందు తీసుకోకండి.

2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే వచ్చే బ్యాచ్, తేదీలు, కంపెనీ లైసెన్స్ నంబరు షీట్ మీదవాటితో కలవాలి. కలవకపోతే అనుమానించాల్సిందే. కలిసినంత మాత్రాన అసలుదని మాత్రం నమ్మేయలేం, ఎందుకంటే కోడ్‌నూ కాపీ కొట్టొచ్చు.

అచ్చు బాగుందని కూడా మోసపోకూడదు. 2024 మార్చిలో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్న 'మెగ్ లైఫ్‌సైన్సెస్' యాంటీబయాటిక్ మాత్రల మీద హిమాచల్ ప్రదేశ్ చిరునామా కూడా ఉంది. తీరా చూస్తే అలాంటి కంపెనీయే లేదు, మాత్రల్లో ఉన్నది సుద్దపొడి, పిండి! న్యుమోనియాతో ఉన్న మనిషి అవి మింగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అంటే కంటితో చూసి తేల్చలేనివి ఉంటాయి, వాటికి ల్యాబ్ పరీక్షే దారి. అనుమానం వస్తే మిగిలిన మాత్రలు, షీట్, బిల్లు పారేయకుండా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి, డాక్టర్‌కూ చెప్పండి. తెలంగాణలో ఫిర్యాదుకు టోల్ ఫ్రీ నంబరు 1800-599-6969.

మీ పత్రికకు ఒక విన్నపం. పరీక్షల్లో తప్పిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా బ్యాచ్ నంబర్లతో సహా విడుదల చేస్తుంది. 'ఇన్ని మందులు ఫెయిల్' అని వార్త రాసి వదిలేయకుండా మందు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు కూడా అచ్చువేయండి, జనం ఇంట్లో ఉన్న షీట్‌తో పోల్చి చూసుకుంటారు.

- ఒక పాఠకురాలు, వరంగల్