నా పాత ఫోన్ స్టాండ్ వాడుతున్నవారికి

"ఛార్జర్ పెడితే ఫోన్ పైకి లేస్తోంది, కాస్త గట్టిగా తాకితే స్టాండ్ వెనక్కి పడిపోతోంది. కొత్తది ఎప్పుడు ఇస్తారండీ?"

వచ్చే సోమవారం నుంచి ఇస్తానండీ. రెండూ నా డిజైన్‌లోని తప్పులే.

పాతదాంట్లో ఫోన్ ఆనే అర టేబుల్‌కి 20 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంది. ఛార్జర్ పిన్ను పట్టుకునే ప్లాస్టిక్ భాగమే అంత పొడవుంటుంది, దాని కింద కేబుల్ వంగడానికి చోటు లేదు. అది టేబుల్‌కి తన్ని ఫోన్‌ని పైకి నెడుతోంది. ఇప్పుడు అరని 45 మిల్లీమీటర్లకు ఎత్తాను.

పడిపోవడానికి కారణం వెనక భాగం పొట్టిగా ఉండటం. 160 మిల్లీమీటర్ల ఫోన్‌ని టేబుల్‌కి 65 డిగ్రీల్లో ఆనిస్తే, దాని బరువు అరకి సుమారు 34 మిల్లీమీటర్లు వెనక పడుతుంది. పాత అడుగు భాగం అర నుంచి 45 దగ్గరే ఆగిపోయింది, అంటే మిగిలింది 11 మిల్లీమీటర్లే. కొత్తది 75 దాకా వెళ్తుంది. కోణం మాత్రం మార్చలేదు. కుర్చీలో కూర్చుని చూడటానికి అదే బాగుందని మీలో చాలామంది చెప్పారు.

ఎక్కువ రోజులు పట్టింది కేబుల్ దారికే. పాతదాన్ని త్రీడీ ప్రింటర్‌లో నిలబెట్టి, పొర మీద పొరగా ప్రింట్ చేసేవాణ్ణి. అర కింద సపోర్ట్ పెట్టాలి, తీశాక గరుకుగా ఉండేది, బరువు పడితే లేయర్ల మధ్య విరిగేది. అందుకే స్టాండ్‌ని పక్కకు పడుకోబెట్టాను. అలా చేస్తే వంపులన్నీ ప్రింటర్ బెడ్ మీదే గీతలుగా పడతాయి, లేయర్లు వంపు వెంటే సాగుతాయి కాబట్టి అర గట్టిగా ఉంటుంది.

కానీ కేబుల్ కోసం అర మధ్యలో ముందు అంచుదాకా గాడి కోస్తే, గాడికి పైనున్న సగం అర గాలిలోకి పొడుచుకొచ్చింది. పట్టు లేక ప్లాస్టిక్ దారాలు జారి వేలాడాయి. మూడు ప్రింట్లు పారేశాక ముందు అంచుని కోయకుండా వదిలేసి, అరలో 14 మిల్లీమీటర్ల వెడల్పు కిటికీ మాత్రం పెట్టాను. ఇప్పుడు ఒకవైపు వెనక గోడ, మరోవైపు ముందు అంచు ఉన్నాయి. వాటి మధ్య 12 మిల్లీమీటర్ల దూరాన్ని ప్రింటర్ వంతెనలా దాటేస్తుంది. మొదటి లేయర్ కొంచెం కుంగుతుంది, కానీ పిన్ను దూరడానికి అడ్డం కాదు. సపోర్ట్ ఒక్కటి కూడా అక్కర్లేదు.

దీనికి ఇబ్బందులూ ఉన్నాయి. కేబుల్‌ని కింద నుంచి కిటికీలోకి దూర్చాలి, పక్క నుంచి పెట్టలేరు. పిన్ను ఎల్ ఆకారంలో వంగి ఉంటే పట్టదు. ఫోన్ పైభాగాన్ని గట్టిగా నొక్కితే ఇదీ ఒరుగుతుంది. ఇది పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్, 60 డిగ్రీల వేడి దగ్గరే మెత్తబడుతుంది, కాబట్టి ఎండలో ఆపిన కారులో ఉంచకండి.

పాతది కొన్నవాళ్లు మారతహళ్లి షాపుకి తెచ్చిస్తే డబ్బు తీసుకోకుండా కొత్తది ఇస్తాను. వచ్చేటప్పుడు మీ కేబుల్ కూడా తెచ్చుకోండి, దూర్చి చూసే ఇస్తాను.